మెథడాలజీ చాప్టర్: నమూనా, ప్రశ్నావళి, ఎథిక్స్ ఒకదాన్నొకటి మార్చిన తీరు

షిఫ్టుల్లో పనిచేసే నర్సుల నిద్ర మీద నేను డిసర్టేషన్ చేశాను. ఒకే ఆసుపత్రి, ఒకే ప్రశ్నావళి, ఒక్కసారి తీసుకునే సమాచారం. ఇంత చిన్న సర్వేకి మెథడాలజీ చాప్టర్ ఎంతలో అయిపోతుందిలే అనిపిస్తుంది. సీనియర్ల డిసర్టేషన్లు తిరగేస్తే అందరిదీ ఒకే వరుస: పరిశోధన రూపకల్పన, జనాభా, నమూనా, సాధనం, పైలట్ స్టడీ, నైతిక అంశాలు. ఒక్కో శీర్షిక కింద రెండు మూడు పేరాలు. నమూనా దగ్గర ఫలానా పద్ధతి వాడాం అని ఉంటుంది కానీ అదే ఎందుకు వాడారో ఉండదు. నైతిక అంశాల దగ్గరైతే 'సమ్మతి తీసుకున్నాం, గోప్యత పాటించాం' అనే రెండు వాక్యాలు దాదాపు అన్నిట్లోనూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి.

మా గైడ్ మేడమ్ ముందే చెప్పారు: "ఏం చేశావో రాస్తే సగం పనే అయినట్టు. ఇంకో దారి ఉండగా దీన్నే ఎందుకు పట్టుకున్నావో రాయి. వైవాలో అడిగేది అదే." ఆ ప్రకారం రాయడం మొదలుపెట్టాక అర్థమైంది, ఈ భాగాలు విడివిడిగా రాయడానికి కుదిరేవి కావని. నమూనా గురించి తీసుకున్న నిర్ణయం ఎథిక్స్ దగ్గరికొచ్చి తేలుతుంది. ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన మాట ప్రశ్నావళిలోంచి ఒక ప్రశ్నను తీసేయిస్తుంది. నా విషయంలో అదెలా జరిగిందో రాస్తాను.

నా పరిశోధన ప్రశ్న ఇది: నైట్ డ్యూటీల సంఖ్యకీ నిద్రలేమి తీవ్రతకీ సంబంధం ఉందా? దీనికి కావలసినవాళ్ళు ఆ ఆసుపత్రి నర్సులు. నర్సింగ్ ఆఫీసు ఇచ్చిన స్టాఫ్ లిస్టులో 231 పేర్లున్నాయి. లిస్టులో ఉన్నవాళ్ళందరూ డ్యూటీలో ఉన్నట్టు కాదు. 11 మంది దీర్ఘకాలిక సెలవులో ఉన్నారు, 8 మంది చేరి నెల కూడా కాలేదు. సెలవులో ఉన్నవాళ్ళకి ఈమధ్య నైట్ డ్యూటీలే లేవు. కొత్తవాళ్ళు ఇంకా ట్రైనింగులోనే ఉన్నారు, రొటేషన్‌లోకి రాలేదు. ఈ 19 మందిని తీసేస్తే 212 మిగిలారు. ఎవరిని వదిలేశాం అన్నది మాత్రమే రాస్తే చాలదు, వదిలేయడానికి కారణం పరిశోధన ప్రశ్నలోంచే రావాలి. 'అందుబాటులో లేనివారిని మినహాయించాం' అని రాస్తే పరీక్షకులకి అనుమానం రావడం ఖాయం, ఎందుకంటే నైట్ డ్యూటీ చేసి ఇంట్లో నిద్రపోతున్న నర్సు కూడా పగటిపూట అందుబాటులో ఉండదు.

తర్వాత సైజు. అందరూ వాడే కాక్రన్ ఫార్ములా, దానికి చిన్న జనాభా కోసం చేసే సవరణ:

```
n0 = (1.96² × 0.5 × 0.5) / 0.05² = 384.16
n  = 384.16 / (1 + (384.16 − 1) / 212) ≈ 136.8
```

అంటే 137 మంది. ఇక్కడ 1.96 అనేది 95 శాతం నమ్మకానికి, 0.05 అనేది ఐదు శాతం తేడా వరకు ఫరవాలేదు అనడానికి. నిద్రలేమి ఎంతమందిలో ఉంటుందో ముందే తెలియదు కాబట్టి 0.5 వేశాను, ఆ విలువ దగ్గరే నమూనా అన్నిటికంటే పెద్దదిగా వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఈ ఫార్ములా 'ఎంత శాతం మందికి ఉంది' అనే ప్రశ్నకి పనికొచ్చేది. నాది రెండు విషయాల మధ్య సంబంధం గురించిన ప్రశ్న, దానికి లెక్క వేరు. 0.3 స్థాయి సహసంబంధాన్ని 80 శాతం పవర్‌తో పట్టుకోవాలంటే సుమారు 85 మంది చాలు. చాప్టర్‌లో రెండు లెక్కలూ చూపించి, పెద్దదాన్ని తీసుకున్నానని రాశాను.

అడిగినవాళ్ళందరూ తిరిగి ఇవ్వరు. నూటికి 20 మంది ఇవ్వరనుకుంటే 137ని 0.8తో భాగించాలి, 172 వస్తుంది. ఈ 172 మందిని విభాగాల వారీగా దామాషా ప్రకారం పంచాను: ఐసీయూకి 32, జనరల్ వార్డులకి 96, ఆపరేషన్ థియేటర్‌కి 18, క్యాజువాల్టీకి 26. ఎక్సెల్‌లో `=RAND()` తో వరుస కలిపి పేర్లు తీయడం వరకు ప్లాన్ రెడీ. ఆ షీటు చూసి మేడమ్ అడిగారు: "212లో 172 మందిని అడుగుతున్నావు. మిగతా 40 మంది ఏం పాపం చేశారమ్మా?"

నిజమే. 40 ప్రశ్నావళులు ప్రింట్ తీయడానికి అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. వాళ్ళని వదిలేయడం వల్ల మిగిలే లాభమేమీ లేదు, పైగా ఒక నష్టముంది. ఎంపికైన పేర్ల లిస్టు ఒకటి తయారవుతుంది. అది వార్డు ఇన్‌చార్జుల చేతుల్లోంచి పోవాలి. ఎవరికి కాగితం వచ్చిందో, ఎవరికి రాలేదో వార్డంతా తెలుస్తుంది. అందుకని మొత్తం 212 మందికీ ఇవ్వాలని నిర్ణయించాను, అంటే సెన్సస్. చాప్టర్‌లో ఆ పేరా ఇంచుమించు ఇలా ఉంటుంది: "అవసరమైన కనీస నమూనా 137. ప్రతిస్పందించనివారిని కలుపుకుంటే మొత్తం జనాభాలో 81 శాతం మందిని అడగవలసి వస్తుంది. ఆ స్థితిలో యాదృచ్ఛిక ఎంపిక వల్ల ఆదా అయ్యేది స్వల్పం. ఎంపికైనవారు సహోద్యోగులకి తెలిసిపోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. కాబట్టి అర్హులందరినీ ఆహ్వానించాం."

సెన్సస్ అనేశాక పని తేలిక కాలేదు, సమస్య ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరిగింది. ఎంపికలో పొరపాటు ఉండదు సరే, తిరిగి ఇచ్చేది ఎవరు, ఇవ్వనిది ఎవరు అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. 137 అనే అంకె అలాగే ఉంది, కాకపోతే అది ఇప్పుడు 'కనీసం ఇన్ని తిరిగి రావాలి' అనే హద్దు. 137 కాగితాలు వచ్చినంత మాత్రాన ఐదు శాతం తేడా అనే హామీ వర్తించదు. ఆ హామీ యాదృచ్ఛికంగా ఎంపికైనవాళ్ళకే, తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళకి కాదు. ఈ వాక్యం చాప్టర్‌లో ఉండాల్సిందే అని నేననుకుంటాను.

ఇక సాధనం. నిద్ర మీద పని చేసేవాళ్ళలో ఎక్కువమంది వాడేది పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్. 1989లో వచ్చింది, 19 ప్రశ్నలు, స్కోరు 0 నుంచి 21 వరకు, 5 దాటితే నిద్ర సరిగా లేదని అర్థం. సినాప్సిస్‌లో నేనూ అదే పెట్టాను. ప్రశ్నలు ఒక నర్సుకి చదివి వినిపించి, జవాబు చెప్పే ముందు మనసులో ఏమనుకుంటోందో పైకి చెప్పమన్నాను. మొదటి ప్రశ్నకే ఆగిపోయింది. గత నెల రోజుల్లో రాత్రిపూట మామూలుగా ఎన్నింటికి పడుకుంటున్నారు అని ఆ ప్రశ్న. "ఏ వారం సంగతి చెప్పమంటారు మేడమ్? నైట్ ఉన్న వారం పొద్దున తొమ్మిదికి పడుకుంటాను. డే ఉంటే రాత్రి పదకొండుకి. మామూలుగా అంటే ఏం రాయాలి, సగటు తీయాలా?" అంది. రెండింటికీ సగటు తీస్తే ఆమె ఎప్పుడూ పడుకోని ఒక వేళ వస్తుంది. ఆ వేళ నుంచే మంచంలో గడిపిన గంటలు, నిద్ర సామర్థ్యం అన్నీ లెక్క కడతారు.

ప్రశ్నని నాకు అనుకూలంగా మార్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఒక స్కేలు ప్రశ్నని మార్చామంటే దాని పాత విశ్వసనీయత అంకెలు మనకి వర్తించవు, 5 అనే గీత కూడా వర్తించదు. అందుకని ఇన్సోమ్నియా సివియారిటీ ఇండెక్స్‌కి మారాను. ఏడే ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 28. నిద్ర పట్టడానికి, మధ్యలో మెలకువ రాకుండా ఉండటానికి ఎంత ఇబ్బంది, దాని వల్ల పగటి పనికి ఎంత అడ్డం అని అడుగుతుంది కానీ గడియారం వేళలు అడగదు. పైగా అది గత రెండు వారాల గురించే అడుగుతుంది. దాంతో నైట్ డ్యూటీలు కూడా గత రెండు వారాలవే అడగాలని తేలిపోయింది. నిద్ర ఒక కాలానికి, డ్యూటీలు ఇంకో కాలానికి అడిగితే వచ్చే సంబంధానికి అర్థముండదు. సాధనం గురించి రాసే పేరాలో అందరూ 'ప్రామాణికమైనది, విశ్వసనీయమైనది' అని రాసి ఊరుకుంటారు. నేను పిట్స్‌బర్గ్ స్కేలు పేరు పెట్టి, అది ఎక్కడ కుదరలేదో రాశాను. స్కేలు వాడుకోవడానికి హక్కుదారు నుంచి తీసుకున్న అనుమతి అనుబంధంలో జతచేశాను.

డ్యూటీల లెక్క దగ్గర ఇంకో చిక్కు. రోస్టర్‌లో చూస్తే ఎవరెన్ని నైట్లు చేశారో కచ్చితంగా తెలుస్తుంది. కానీ రోస్టర్‌ని ప్రశ్నావళితో కలపాలంటే పేరో ఉద్యోగి నంబరో ఉండాలి. పేరు రాయించుకుంటే 'డ్యూటీలో నిద్ర ఆపుకోలేకపోతున్నాను' అని ఏ నర్సు నిజం రాస్తుంది? అందుకని ప్రశ్నావళి మొదట్లో 14 గళ్ళు ప్రింట్ చేశాను, 'నిన్న'తో మొదలై వెనక్కి వెళ్తూ. నైట్ డ్యూటీ ఉన్న గడిలో టిక్ పెట్టాలి. 'రెండు వారాల్లో ఎన్ని నైట్లు' అని ఊరికే అడిగితే గుండుగుత్తగా ఒక అంకె వేసేస్తారు. గళ్ళుంటే రోజు రోజూ తలుచుకోవాలి. రోస్టర్ అంత కచ్చితం కాదని, ఆ కచ్చితత్వాన్ని పేరు లేకుండా ఉండటం కోసం వదులుకున్నామని చాప్టర్‌లో అలాగే రాశాను.

పైలట్ వేరే ఆసుపత్రిలో 15 మంది నర్సులతో చేశాను. ఇక్కడి వాళ్ళతో చేస్తే అసలు సర్వేలో వాళ్ళని వాడుకోలేం, 212లో 15 పోతాయి. పైలట్‌లో ఒకే సందేహం మళ్ళీ మళ్ళీ వచ్చింది: నైట్ డ్యూటీ అయ్యాక పగలు పడుకునే నిద్ర కూడా లెక్కేనా అని. స్కేలు ప్రశ్నలు ముట్టుకోకుండా, పైన ఒక సూచన చేర్చాను: 'నిద్ర అంటే పగలైనా రాత్రైనా మీరు ఎక్కువసేపు పడుకునే నిద్ర'. చేర్చిన సంగతి చాప్టర్‌లో రాశాను. ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా సంగతి రెండు మాటల్లో: 15 మందితో వచ్చే ఆల్ఫా నిలకడగా ఉండదు, దాన్ని పట్టుకుని సాధనం నమ్మదగినదని చెప్పుకోకూడదు. అసలు డేటా మీద మళ్ళీ లెక్కించాలి. అది కూడా ఆ ఏడు ప్రశ్నలకే. వయసు, అనుభవం, డ్యూటీల సంఖ్య లాంటి వాటిని కూడా కలిపేసి మొత్తం ప్రశ్నావళికి ఆల్ఫా ఇచ్చిన డిసర్టేషన్లు చూశాను. ఒకే విషయాన్ని కొలవని ప్రశ్నలకి ఆల్ఫా తీయడంలో అర్థం లేదు.

ఎథిక్స్ దరఖాస్తు రాసేటప్పుడే అన్నీ ఒకచోటికి వచ్చిపడ్డాయి. నర్సింగ్ సూపరింటెండెంట్ చాలా సాయం చేయాలనుకున్నారు. "ఇన్‌చార్జులకి చెప్తాను, వాళ్ళే పంచి వాళ్ళే తీసుకుంటారు, ఒక్క కాగితం కూడా మిస్సవ్వదు" అన్నారు. పరిశోధన చేసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? కానీ డ్యూటీ వేసే మనిషే కాగితం ఇచ్చి నింపమంటే, నింపనని చెప్పే నర్సు ఉండదు. అప్పుడు 'స్వచ్ఛందంగా పాల్గొన్నారు' అనే వాక్యం రాయలేం. జవాబులు కూడా తేడాగా వస్తాయి. ఇన్‌చార్జి చేతికిచ్చే కాగితంలో నైట్ల వల్ల తట్టుకోలేకపోతున్నానని రాస్తే ఫిర్యాదు చేసినట్టుంటుంది. అందుకని ఆవిడ దగ్గర అనుమతి వరకే తీసుకున్నాను. షిఫ్టు మారే వేళ డ్యూటీ రూముకి నేనే వెళ్ళి, కవర్లు చేతికిచ్చాను. తాళం వేసిన పెట్టెని బట్టలు మార్చుకునే గదిలో పెట్టాను. మొదట చూపించిన చోటు సూపరింటెండెంట్ ఆఫీసు ఎదురుగా, అక్కడైతే ఎవరు వేస్తున్నారో లోపలి నుంచే కనిపిస్తుంది.

సంతకం గురించి కమిటీతో కొంచెం చర్చ జరిగింది. సమ్మతి పత్రం మీద సంతకం ఉండాలని మామూలు నియమం. పేరులేని సర్వేలో మనిషి పేరు బయటపెట్టేది ఆ సంతకం ఒక్కటే అవుతుంది. సమాచార పత్రం ఇస్తాం, చదివి, ఇష్టమైతే నింపి పెట్టెలో వేయడమే సమ్మతిగా తీసుకుంటాం, సంతకం మినహాయించండి అని కారణంతో సహా రాసి అడిగాను. ఒప్పుకున్నారు. అలా ఒప్పుకోవడం కమిటీ చేతిలో ఉన్న విషయం, మనంతట మనం అనుకుంటే కుదరదు.

పేరు లేకపోతే ఎవరు ఇవ్వలేదో తెలియదు, తెలియకపోతే గుర్తు చేయలేం. అందరికీ మళ్ళీ మళ్ళీ చెప్తే ఇచ్చేసినవాళ్ళకి విసుగు. దీనికి కవర్‌లో విడిగా ఒక చిన్న చీటీ పెట్టాను, దాని మీద వరుస నంబరు ఉంటుంది, ప్రశ్నావళి మీద ఏమీ ఉండదు. ప్రశ్నావళి ఒక పెట్టెలో, చీటీ పక్కనున్న ఇంకో పెట్టెలో. నింపడం ఇష్టం లేనివాళ్ళు చీటీ ఒక్కటే వేసినా సరే, వాళ్ళని మళ్ళీ అడగను. చీటీ రానివాళ్ళకి ఒకసారి గుర్తు చేశాను, అంతే.

పేరు రాయకపోయినంత మాత్రాన మనిషి తెలియకుండా పోతాడనుకోకూడదు. మొదటి డ్రాఫ్టులో విభాగం, స్త్రీ పురుషుడు, వయసు, అనుభవం అన్నీ ఉన్నాయి. 212 మందిలో మగ నర్సులు 9 మంది. ఆపరేషన్ థియేటర్‌లో ఇద్దరే. 'థియేటర్, పురుషుడు, 34 ఏళ్ళు' అని ఉన్న కాగితం ఎవరిదో ఆ ఆసుపత్రిలో ఎవర్ని అడిగినా చెప్తారు. 9 మందితో పోలిక చేసే విశ్లేషణ ఏదీ నిలబడదు. విశ్లేషణకి పనికిరాదు, మనిషిని పట్టివ్వడానికి మాత్రం పనికొస్తుంది కాబట్టి ఆ ప్రశ్న తీసేశాను. వయసుని, అనుభవాన్ని పదేళ్ళ అంతరాల్లో అడిగాను. ఐదుగురి కంటే తక్కువ మంది ఉన్న గడిని ఏ పట్టికలోనూ చూపించనని రాశాను. విభాగం మాత్రం ఉంచాను, ఎవరు ఇవ్వలేదో అంచనా కట్టడానికి అదొక్కటే ఆధారం.

సమాచార పత్రంలో రెండు మాటలు స్పష్టంగా పెట్టమని కమిటీ అడిగింది. ఒకటి, పెట్టెలో వేశాక వెనక్కి తీసుకోవడం కుదరదని. ఏది ఎవరిదో నాకే తెలియనప్పుడు 'ఎప్పుడైనా వైదొలగవచ్చు' అనే రెడీమేడ్ వాక్యం అబద్ధమవుతుంది. రెండోది, స్కోరు ఎక్కువ వచ్చినవాళ్ళ సంగతి. 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వైద్యుడికి చూపించుకోవాల్సిన స్థాయి, కానీ వాళ్ళెవరో నాకు తెలియదు. అందుకని స్కోరు ఎలా కూడుకోవాలో, ఎంత వస్తే ఎవర్ని కలవాలో రాసిన కాగితం అందరి కవర్లలోనూ పెట్టాను. ప్రశ్నావళి ఇచ్చేసినా అది వాళ్ళ దగ్గరే ఉంటుంది.

చివరికి 151 వచ్చాయి, 71 శాతం. కనీస హద్దు 137 దాటింది. మేడమ్ మొత్తం అంకెని పక్కనపెట్టి విభాగాల వారీగా చూడమన్నారు. జనరల్ వార్డుల్లో 118కి 89, థియేటర్‌లో 22కి 18, క్యాజువాల్టీలో 32కి 22 వచ్చాయి. ఐసీయూలో 40కి 22 మాత్రమే, 55 శాతం. చాప్టర్ చివర పరిమితుల దగ్గర 'ప్రతిస్పందన తక్కువగా ఉంది' అని రాసి వదిలేయకుండా, అది ఫలితాన్ని ఎటువైపు లాగుతుందో రాయమన్నారు. ఐసీయూలో ఇవ్వనివాళ్ళు బాగా అలసిపోయి ఇవ్వలేదనుకుంటే, నా సర్వేలో నిద్రలేమి నిజం కంటే తక్కువగా కనిపిస్తుంది. నిద్రతో ఇబ్బంది లేనివాళ్ళు పట్టించుకోలేదనుకుంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఏదో ఒకటి రుజువు చేయడానికి నా దగ్గర డేటా లేదు కాబట్టి రెండూ రాసి, ఐసీయూని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి సహసంబంధం లెక్కించి పక్కపక్కన పెట్టాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఫార్ములా జోలికే రాలేదు. చాప్టర్ తెరిచి అడిగిన మొదటి ప్రశ్న, స్త్రీ పురుష వివరం ఎందుకు లేదని. తొమ్మిది మంది సంగతి చెప్పాను. "మరి విభాగం ఎందుకు ఉంచావు, దాంతో కూడా పట్టుకోవచ్చుగా?" అన్నారు. అన్నిటికంటే చిన్న విభాగంలోనే 22 మంది ఉన్నారని, వయసు పదేళ్ళ అంతరాల్లో ఉందని, అయినా థియేటర్‌లో ఐదుగురి కంటే తక్కువ వచ్చిన గళ్ళు రెండు ఉంటే వాటిని పక్క వయసు వర్గంతో కలిపేశానని పట్టిక తీసి చూపించాను. ఆయన ఆ పట్టిక కింది నోట్ చదివి, కలిపిన సంగతి మెథడాలజీ చాప్టర్‌లో కూడా ఒక వాక్యంలో రాయమన్నారు. కరెక్షన్లలో చేర్చిన వాక్యం అదొక్కటే.